పుల్కా మానేసే ముందు ఒక రక్తపరీక్ష

వంటింట్లో ఉన్న ఇంగువ డబ్బా తీసి ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. అందులో ఏమేం కలిపారో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అసలు ఇంగువ మహా ఘాటు, పైగా జిగట. అలాగే తెచ్చి పోపులో వేయడం కష్టం. అందుకే జిగురుతో పాటు గోధుమపిండో, మైదానో, బియ్యప్పిండో కలిపి పొడిచేసి అమ్ముతారు. చాలా డబ్బాల్లో కలిపేది గోధుమే. మనలో దాదాపు అందరికీ ఈ సంగతితో పనిలేదు. కొద్దిమందికి మాత్రం ఈ పూట చారు పోసుకోవచ్చా లేదా అన్నది ఆ చిన్న అక్షరాలు చూశాకే తేలుతుంది. వాళ్లు సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లు.

ఇప్పుడు ఆ జబ్బు లేనివాళ్లు కూడా ‘గ్లూటెన్ మానేశాం’ అంటున్నారు. కొందరు ఒళ్లు తగ్గుతుందని, కొందరు కడుపు ఉబ్బరం పోతుందని, మరికొందరు ఫలానా ఆటగాడు మానేశాడట కదా అని మానేస్తున్నారు. మానడం వాళ్లిష్టం. అయితే పరీక్ష చేయించుకోకుండా మానేస్తే, తర్వాత అసలు జబ్బు ఉందో లేదో తేల్చుకునే దారి మూసుకుపోతుంది. ఈ చిక్కు గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ముందు జబ్బు సంగతి చూద్దాం. గోధుమపిండి తడిపి మర్దిస్తే సాగే గుణం వచ్చేది గ్లూటెన్ అనే మాంసకృత్తుల వల్లే. బార్లీ, రై ధాన్యాల్లోనూ దాని దాయాదులున్నాయి. వీటిని మన జీర్ణరసాలు పూర్తిగా ముక్కలు చేయలేవు. కొన్ని పెద్ద తునకలు మిగిలిపోతాయి. ఎక్కువమందికి వాటివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువుల్లో ఒకటి ఉన్న కొందరిలో మాత్రం శరీర రక్షణ వ్యవస్థ ఆ తునకలను శత్రువుగా చూస్తుంది. ఆ పోరులో దెబ్బతినేది చిన్నపేగు లోపలి పొర. ఆ పొర మీద తువ్వాలు పోగుల్లా లేచి ఉండే ఆంత్ర చూషకాలు క్రమంగా పొట్టివై, చివరికి చదునైపోతాయి. తిన్నది ఒంటికి పట్టే చోటు అదే కాబట్టి ఎంత తిన్నా పట్టదు.

ఇది గోధుమ అలర్జీ కాదు. అలర్జీ ఉన్నవాళ్లకు తిన్న కాసేపటికే దద్దుర్లు లేస్తాయి, పెదాలు వాస్తాయి, ఒక్కోసారి ఊపిరి అందదు. సీలియాక్‌లో అలాంటి హడావిడి ఉండదు. ఏళ్ల తరబడి లోలోపల నడుస్తుంది.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని నిలబెట్టినది విల్లెమ్ డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. హేగ్ నగరంలో ఆయన చూసే పిల్లల్లో కొందరికి పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై, నూనె తేలే విరేచనాలయ్యేవి. రొట్టె మానిపిస్తే కొందరు కోలుకుంటున్నారని ఆయనకు ముందునుంచే అనుమానం ఉంది. 1944–45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణ కింద నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువొచ్చింది. రొట్టె దొరక్క జనం తులిప్ దుంపలు తిన్నారు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ పిల్లలు మాత్రం తేరుకున్నారు. మళ్లీ రొట్టె రాగానే మళ్లీ పడిపోయారు. డికె అంతటితో ఆగలేదు. యుద్ధం తర్వాత ఆహారంలో ఒక్కో ధాన్యం మారుస్తూ, పిల్లల మలంలో కొవ్వు ఎంత పోతోందో సహచరులతో కలిసి కొలిచి, 1950లో సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. అంతవరకూ ఈ పిల్లలకు అమెరికాలో పేరుమోసిన వైద్యం అరటిపండ్ల పథ్యం. అది పనిచేసింది కూడా, అరటిపండు గొప్పతనం వల్ల కాదు, దాంతో పాటు రొట్టె ఆపేయడం వల్ల.

ఇక మన సంగతి. ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బు సుమారు నూటికి ఒకరికి ఉంటుందని అంచనా. అయితే ఇది ఉత్తరాది జబ్బు, అన్నం తినే మనకు రాదు అనే మాట డాక్టర్ల నోటా వినిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజముంది. మన దేశంలో హర్యానా, అస్సాం ప్రాంతాల్లోనూ, తమిళనాడులోని వెల్లూరు దగ్గరా కలిపి 23 వేలమందికి పైగా పెద్దవాళ్ల రక్తం పరీక్షించారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం సీలియాక్ ఉత్తరాదిలో వెయ్యికి ఎనిమిది మందికి పైగా ఉంటే, వెల్లూరు వైపు పదివేలకు ఒకరు.

అదే అధ్యయనంలో మనం ఆగి చూడాల్సిన అంకెలు మరి రెండున్నాయి. జబ్బుకు వీలిచ్చే జన్యువులు ఉత్తరాదిలో నూటికి 38 మందికి ఉంటే, దక్షిణాదిలో 36 మందికి ఉన్నాయి. అంటే తేడా దాదాపు లేదు. గోధుమ వాడకంలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. రోజుకు సగటున అక్కడ 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. అంటే వీలిచ్చే జన్యువు మన దగ్గరా ఉంది, దానికి తగిన తిండి మాత్రం అందలేదు. వెల్లూరు అంకెల్ని తెచ్చి హైదరాబాద్‌కీ విజయవాడకీ అతికించలేం. కానీ గత ముప్పై నలభై ఏళ్లలో మన ఇళ్లలో రాత్రి అన్నం స్థానంలోకి పుల్కా వచ్చింది. ఉదయం బ్రెడ్డు, సాయంత్రం నూడుల్సు, పిజ్జా వచ్చాయి. గోధుమ పెరిగినంత మాత్రాన జన్యువున్న అందరికీ జబ్బు రాదు. అలా వచ్చేది ఆ కొందరిలోనూ చాలా కొద్దిమందికే. అయినా ‘మనకు రాదు’ అని తోసిపుచ్చే ధీమా ఇక చెల్లదు.

జబ్బు ఎలా బయటపడుతుంది? పుస్తకాల్లో విరేచనాలని రాసి ఉంటుంది. పెద్దవాళ్లలో చాలాసార్లు కనిపించేది ఎంతకీ తగ్గని రక్తహీనత. ఐరన్ ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. సీలియాక్ మొదట కొట్టేదీ అక్కడే. అందుకే ఎన్ని మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పైకి లేవదు. పిల్లలైతే ఎత్తు పెరగరు. ఎదగట్లేదని పాలల్లో మాల్ట్ పొడి కలిపి రోజూ తాగిస్తారు. ఆ మాల్ట్ సాధారణంగా బార్లీదే. ఎముకలు గుల్లబారడం, నోట్లో పదేపదే పుండ్లు, పిల్లలు కలగకపోవడం, కారణం తెలియకుండా లివర్ ఎంజైములు పెరగడం కూడా దీని గుర్తులే. అసలు కడుపు బాధే లేనివాళ్లూ ఉంటారు.

పరీక్ష ఎలా చేయాలో, ఎక్కడ దారి తప్పుతుందో తెలియడానికి ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ముప్పై నాలుగేళ్ల గృహిణి. రాత్రిపూట మూడు పుల్కాలు తింటుంది. హిమోగ్లోబిన్ ఎనిమిది. నెలసరి వల్లేనన్నారు, నులిపురుగులకు మందిచ్చారు, ఏడాదిగా ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. సాయంత్రమయ్యేసరికి పొట్ట ఉబ్బుతుంది. ఆడపడుచు ఫోన్ చేసి, “వదినా, నామాట విని గోధుమ మానేసి చూడండి, నాకు పదిరోజుల్లో ఉబ్బరం పోయింది” అంటుంది. మానేస్తుంది. నిజంగానే హాయిగా ఉంటుంది. ఎనిమిది నెలల తర్వాత మరో డాక్టర్ ఫైలు చూసి సీలియాక్ అనుమానంతో టీటీజీ పరీక్ష రాస్తారు. రిపోర్టు నార్మల్. ‘నీకు ఆ జబ్బు లేదమ్మా’ అని పంపేస్తారు.

ఆ రిపోర్టుతో ఏమీ తేలలేదు. టీటీజీ పరీక్ష చూసేది పేగులో పోరు నడుస్తున్నప్పుడు శరీరం తన మీదే తయారుచేసుకునే యాంటీబాడీలను. గోధుమ ఆగితే పోరు ఆగుతుంది, కొన్ని నెలల్లో యాంటీబాడీలు దిగిపోతాయి, చదునైన చూషకాలు మెల్లగా లేస్తాయి. జబ్బు ఉన్నా రక్తం శుభ్రంగానే కనిపిస్తుంది. ఈవిడకు జబ్బు లేదేమో, ఉండి కూడా గోధుమ మానినందుకు దాక్కుందేమో, ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు.

సరైన వరుస ఇలా ఉండాల్సింది. పుల్కాలు తింటుండగానే టీటీజీ ఐజీఏ పరీక్ష, దాంతో పాటే మొత్తం ఐజీఏ ఎంతుందో చూసే పరీక్ష చేయించాలి. ఐజీఏనే తక్కువగా ఉన్నవాళ్లు కొందరుంటారు. వాళ్లకు జబ్బు ఉన్నా మొదటి పరీక్ష లేదనే చెబుతుంది, అప్పుడు ఐజీజీ రకం పరీక్షలకు వెళ్లాలి. యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదటి ఉబ్బు నుంచి ఒకటి రెండు, ఇంకాస్త లోపలినుంచి కనీసం నాలుగు చిన్న ముక్కలు తీసి చూస్తారు. పొర ఒకచోట చెడి ఇంకోచోట బాగుండొచ్చు, అందుకే అన్ని ముక్కలు. పిల్లల్లో యాంటీబాడీలు మామూలు హద్దుకు పదిరెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఇంకో రకం యాంటీబాడీ కూడా కనిపిస్తే, ముక్క తీయకుండానే నిర్ధారించే పద్ధతి యూరప్‌లో వచ్చింది. మన దక్షిణాదిలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ట్రాపికల్ స్ప్రూ అనే జబ్బూ, జియార్డియా క్రిమీ కూడా చూషకాలను పాడుచేస్తాయి. ముక్కలో పొర చెడిందని ఒక్కదాన్నే చూసి సీలియాక్ ముద్ర వేస్తే, మనిషి అవసరం లేకుండా జన్మంతా పథ్యం చేయాల్సి వస్తుంది.

మరి ఈవిడ ఇప్పుడేం చేయాలి? రెండు దారులున్నాయి. ఒకటి జన్యు పరీక్ష. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని తేలితే సీలియాక్ దాదాపు లేనట్టే, నిశ్చింతగా ఉండొచ్చు. ఉన్నాయని తేలితే మాత్రం ఏమీ తేలనట్టే, జబ్బు లేనివాళ్లలోనూ మూడోవంతు మందికి పైగా ఆ జన్యువులుంటాయి కదా. అప్పుడు రెండో దారి, డాక్టర్ పర్యవేక్షణలో మళ్లీ గోధుమ తినడం. ఒకటికి మించిన పూటల్లో, కనీసం ఆరు వారాలు తిని, ఆ తర్వాత పరీక్ష చేయించుకోవాలి. హాయిగా ఉన్న మనిషిని మళ్లీ బాధపడమంటే ఎవరు ఒప్పుకుంటారు? చాలామంది ఒప్పుకోరు. సమస్య అలాగే తేలకుండా మిగిలిపోతుంది.

‘మానేస్తే హాయిగా ఉంది కదా, అంతకన్నా రుజువేం కావాలి?’ అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి నార్వే రాజధాని ఓస్లోలో చేసి 2018లో ప్రచురించిన ఒక ప్రయోగం జవాబు చెబుతుంది. సీలియాక్ లేదని తేలి, గ్లూటెన్ పడదని నమ్మి తమంతట తామే మానేసిన 59 మందిని తీసుకున్నారు. చూడ్డానికీ రుచికీ ఒకేలా ఉండే మూడు రకాల తృణధాన్యాల బార్లు తయారుచేశారు. ఒకదాంట్లో 5.7 గ్రాముల గ్లూటెన్ కలిపారు, అంటే దాదాపు రెండు చపాతీలలో ఉండేంత. రెండోదాంట్లో 2.1 గ్రాముల ఫ్రక్టాన్లు కలిపారు. మూడోదాంట్లో రెండూ లేవు. ఒక్కొక్కటీ వారం రోజులు రోజుకొకటి చొప్పున తినిపించారు, మధ్యలో విరామమిచ్చారు. ఏ వారం ఏది తింటున్నారో తిన్నవాళ్లకూ తెలియదు, పెట్టినవాళ్లకూ తెలియదు.

ఎవరికి ఏ వారం బాధ అన్నిటికన్నా ఎక్కువైందో లెక్క తీస్తే, గ్లూటెన్ వారమని తేలినవాళ్లు 13 మందే. ఫ్రక్టాన్ల వారంలో 24 మంది. ఏమీ కలపని బారు తిన్న వారంలో 22 మంది! పేరు మీద అనుమానంతో తిన్నందుకే కడుపులో గడబిడ మొదలైనవాళ్లు, గ్లూటెన్‌తో బాధపడినవాళ్ల కన్నా ఎక్కువన్నమాట. వాళ్లు నటించారని కాదు. భయంతో తిన్నా పేగు నిజంగానే మెలిపడుతుంది.

ఫ్రక్టాన్లంటే గోధుమలో గ్లూటెన్‌తో పాటే ఉండే ఒక రకం పిండిపదార్థం. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి పేగులో లేదు. అవి నేరుగా పెద్దపేగులోకి జారి, అక్కడి బ్యాక్టీరియాకు మేతై, గ్యాసు పుట్టిస్తాయి. పేగు సున్నితంగా ఉండే ఐబీఎస్ మనుషులకు ఆ గ్యాసే నొప్పి అవుతుంది. కానీ దీనివల్ల పేగు పొర చెడదు, రక్తం తగ్గదు. ఫ్రక్టాన్లు ఉల్లిపాయలోనూ వెల్లుల్లిలోనూ దండిగా ఉంటాయి. మన ఇళ్లలో పుల్కాలోకి చేసేది మామూలుగా ఉల్లిపాయలు వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద వేసిన మసాలా కూరే. పుల్కా మానేసి పెరుగన్నంలోకి మారిన మనిషి, తెలియకుండానే ఆ కూరనూ మానేస్తుంది. మెచ్చుకోలు మాత్రం గ్లూటెన్ మానినందుకు దక్కుతుంది.

మరి సీలియాక్ లేకుండా గ్లూటెన్ పడకపోవడం అనేదే లేదా? కొద్దిమందికి ఉంది. ఇలాంటి చాటు పరీక్షలు పదింటిని కలిపి 2017లో చూస్తే, తమకు గ్లూటెన్ పడదన్నవాళ్లలో నూటికి 16 మందికే గ్లూటెన్‌తో ప్రత్యేకంగా బాధ పెరిగింది. దాన్ని పట్టిచ్చే రక్తపరీక్ష ఇంతవరకూ లేదు. కాబట్టి సీలియాక్ లేదనీ, గోధుమ అలర్జీ లేదనీ తేలాకే ఆ మాట వాడాలి. అలాంటివాళ్లు ఇంగువ డబ్బాలు తిప్పి చూడక్కర్లేదు. ఎంత తింటే పడటం లేదో అంతకు తగ్గించుకుంటే చాలు.

జబ్బూ లేదు, బాధా లేదు, ఆరోగ్యానికి మంచిదని మానేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. అమెరికాలో 2009 నుంచి 2014 దాకా చూస్తే సీలియాక్ పెరగలేదు, జబ్బు లేకుండా గ్లూటెన్ మానేసినవాళ్లు మాత్రం మూడింతలయ్యారు. 2011లో గోధుమే పొట్టకు కారణమంటూ విలియం డేవిస్ రాసిన పుస్తకం, 2013లో టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ తన ఆహారం గురించి రాసిన పుస్తకం ఆ గాలికి ఊపునిచ్చాయి. గ్లూటెన్ తగ్గిస్తే గుండెకు మేలా అని అక్కడే లక్షమందికి పైగా వైద్యసిబ్బంది ఆహారాన్ని 26 ఏళ్లు గమనించి చూశారు. తగ్గించినందుకు గుండెజబ్బులేమీ తగ్గలేదు.

ఆ గాలి మన సూపర్ మార్కెట్లకూ వచ్చింది. గ్లూటెన్ లేదని ముద్రవేసిన బిస్కెట్ ప్యాకెట్ మీద రాసింది చదివితే బియ్యప్పిండి, మొక్కజొన్న గంజిపొడి, కర్రపెండలం గంజిపొడి, చక్కెర, నూనె, అంటుకోవడానికి ఏదో జిగురు కనిపిస్తాయి. పీచూ మాంసకృత్తులూ మామూలు గోధుమ బిస్కెట్ కన్నా తక్కువే ఉంటాయి చాలాసార్లు. ధర మాత్రం రెట్టింపో మూడింతలో. షుగర్ ఉన్నవాళ్ల పరిస్థితి మరీ తమాషా. అన్నం తగ్గించి పుల్కా తినమని డాక్టర్లు చెప్పగా చెప్పగా అలవాటైంది. ఇప్పుడు గ్లూటెన్ భయంతో ఆ పుల్కా మాని మళ్లీ పాలిష్ బియ్యానికే వెళ్తున్నారు. జొన్నరొట్టెకో రాగిసంకటికో వెళ్తే గొడవే లేదు. వాటిలో గ్లూటెన్ ఎన్నడూ లేదు, అందుకోసం ప్రత్యేకమైన ముద్రా, ఆ ముద్రకు ఎక్కువ డబ్బూ అక్కర్లేదు.

నిజంగా సీలియాక్ ఉన్నవాళ్లకు మాత్రం జొన్నపిండి దగ్గర కూడా ఒక చిక్కుంది. ఇటలీలో చేసిన పరీక్షలో రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇస్తేనే పేగు పొర చెడడం కనిపించింది. అంటే ఒక చపాతీలో దాదాపు యాభయ్యో వంతు. ఒక చిటికెడు ఇంగువతో ఆ హద్దు దాటకపోవచ్చు, కానీ రోజంతా చిన్నచిన్నవి కలిస్తే దాటుతుంది. గ్లూటెన్ లేదని అమ్మే సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది ఇందుకే. వీధి చివరి పిండిమరకు ఆ నియమం వర్తించదు. ముందు వచ్చినవాళ్ల గోధుమలు ఆడించి, అదే మరలో మీ జొన్నలు పోస్తే, మొదట వచ్చే పిండి గోధుమ కలిసినదే. కాబట్టి జొన్నలు, బియ్యం కడిగి ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టుకోవడమో, ఒక్క ధాన్యమే ఆడే మర వెతుక్కోవడమో చేయాలి.

వంటింట్లో గుర్తుపెట్టుకోవాల్సిన జంటలు కొన్నున్నాయి. ఇడ్లీరవ్వ బియ్యంది, ఉప్మాలో వేసే బొంబాయిరవ్వ గోధుమది. అరిసెలు, పూతరేకులు తినొచ్చు, బొబ్బట్లూ కాకినాడ కాజా తినకూడదు. మిరపకాయ బజ్జీ శనగపిండిదే అయినా, అదే మూకుట్లో అంతకుముందు మైదా మైసూర్ బజ్జీలు వేగి ఉంటాయి. రంజాన్ హలీంలో గోధుమ ఉంటుంది. అన్నవరం ప్రసాదం గోధుమనూకతో చేస్తారు. ‘ప్రసాదం కదా, కొంచెం నోట్లో వేసుకో అమ్మా’ అని పెద్దవాళ్లు చేతిలో పెట్టినప్పుడు కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇవ్వడమే దారి. ఓట్లు చాలామంది సీలియాక్ వాళ్లకు పడతాయి గానీ, గోధుమ కలవని ఓట్లు దొరకడం కష్టం. డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

ఇంట్లో ఒకరికి సీలియాక్ అని తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు కూడా టీటీజీ పరీక్ష చేయించుకోవాలి. అలాంటి రక్తసంబంధీకుల్లో నూటికి ఏడెనిమిది మందికి జబ్బు బయటపడుతుంది, వాళ్లలో కొందరికి ఏ బాధా ఉండదు. రోగం వచ్చినవాళ్ల మీద ప్రేమతో, వేరే వంట ఎందుకని ఇల్లంతా కలిసి గోధుమ మానేస్తుంటారు. ఆ నిర్ణయానికి ఒక వారం ఆగి, మిగతావాళ్ల రక్తం ల్యాబ్‌కు పంపాక మానేస్తే సరిపోతుంది.